ఐఫోన్ వీడియో పాత టీవీలో ఆడాలంటే

పెళ్లిలోనో గృహప్రవేశంలోనో ఐఫోన్‌తో తీసిన వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడతారు. ఫైలు పేరు కనిపిస్తుంది, నొక్కితే ఆడదు. పాత విండోస్ కంప్యూటర్‌లో పెడితే మాటలు వినిపిస్తాయి గానీ తెర నల్లగానే ఉంటుంది. అదే వీడియో వాట్సాప్‌లో వచ్చినప్పుడు మాత్రం అందరి దగ్గరా హాయిగా ఆడింది. దాంతో పెన్‌డ్రైవ్ పాడైందనో, ఐఫోన్‌కీ విండోస్‌కీ పడదనో ఇంట్లో ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. నిజానికి వాట్సాప్ పంపేటప్పుడు ఆ వీడియోను చిన్నదిగా కుదించి, అన్ని పరికరాలకూ తెలిసిన పద్ధతిలోకి మార్చేసింది. అందుకే అక్కడ ఆడింది. అందుకే బొమ్మ కూడా కొంత మసకబారింది. ఆ మార్పిడిని మనమే, నాణ్యత పోకుండా, మన అదుపులో చేసుకోవడం ఎలాగన్నదే ఇక్కడి సంగతి.

ముందుగా ఫైలు పేరు చివర ఉండే .MOV అన్న అక్షరాల గురించి. చాలామంది తప్పంతా దానిదే అనుకుని పేరులో .MOV తీసేసి .mp4 అని రాస్తారు. ఫలితం ఉండదు. మూవ్ అన్నది ఆపిల్ 1991లో తెచ్చిన క్విక్‌టైమ్ తాలూకు ఫైలు కట్ట. బొమ్మలు, శబ్దం, తేదీ, ఫోన్ ఎటు తిప్పి పట్టుకున్నారన్న వివరం అన్నీ అందులో సర్దుకుని ఉంటాయి. ఎంపీ4 కూడా ఆ నిర్మాణంలోంచే పుట్టింది కాబట్టి రెండూ దగ్గరి చుట్టాలే. అసలు తేడా లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారన్న దాంట్లో ఉంది. ఆ పద్ధతినే కోడెక్ అంటారు. బస్తా మీద పేరు మార్చినంత మాత్రాన లోపలి ధాన్యం మారదు కదా, ఇదీ అంతే.

చాలా ఏళ్లపాటు ఫోన్లు, కెమెరాలు, టీవీలు అన్నీ హెచ్.264 అనే కోడెక్‌నే నమ్ముకున్నాయి. అది 2003లో ఖరారైంది. విండోస్ 7కు అది తెలుసు. పెన్‌డ్రైవ్ పెట్టుకునే వీలున్న ఫుల్ హెచ్‌డీ టీవీల్లో దాదాపు అన్నిటికీ తెలుసు. తర్వాత 2013లో హెచ్.265 వచ్చింది. దాని మరో పేరే హెచ్‌ఈవీసీ. అదే నాణ్యతను సుమారు సగం చోటులో ఇమడ్చగలదు. ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో పాటు ఐఫోన్ 7, ఆ తర్వాతి ఫోన్లలో వీడియోలను ఈ పద్ధతిలో తీయడం మొదలుపెట్టింది. ఫోన్‌లో చోటు మిగలడం నిజంగా లాభమే. 1080p వీడియో నిమిషానికి హెచ్.264లో దాదాపు 130 ఎంబీ తీసుకుంటే, హెచ్‌ఈవీసీలో 60 ఎంబీతో సరిపోతుంది.

నష్టం అవతలి వైపున ఉంది. ఇంత గట్టిగా కుదించిన బొమ్మను మళ్లీ విప్పడానికి ఎక్కువ లెక్కలు కట్టాలి. టీవీలో ఆ పని చేసేది ఒక చిప్పు. ఆ చిప్పు తయారైన నాటికి హెచ్‌ఈవీసీ లేకపోతే తర్వాత ఏ అప్‌డేట్ వేసినా అది నేర్చుకోలేదు. కంప్యూటర్ల విషయంలో దీనికి తోడు పేటెంట్ల గొడవ ఒకటుంది. హెచ్‌ఈవీసీ వాడుకకు పేటెంట్లు ఉన్నవారికి రుసుము కట్టాలి. అందుకే విండోస్ 10లో సైతం ఆ కోడెక్ అన్ని యంత్రాలకూ ఉచితంగా రాదు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో చిన్న మొత్తానికి విడిగా అమ్ముతారు. విండోస్ 10 ప్లేయర్‌లో 0xc00d5212 అన్న సంకేతంతో, ఫార్మాట్‌కు మద్దతు లేదన్న మాట తెర మీద పడితే కారణం సాధారణంగా ఇదే.

కంప్యూటర్‌లో ఒకసారి చూస్తే చాలనుకునేవారు మార్పిడి జోలికే వెళ్లనక్కర్లేదు. వీఎల్‌సీ ప్లేయర్ ఉచితం, హెచ్‌ఈవీసీ విప్పే సామర్థ్యం దాని లోపలే ఉంది, విండోస్ 7లోనూ నడుస్తుంది. కాకపోతే దానికీ ఒక హద్దుంది. పాత ప్రాసెసర్‌లో హెచ్‌ఈవీసీ కోసం ప్రత్యేకమైన భాగం ఉండదు కాబట్టి భారమంతా మామూలు ప్రాసెసర్ మీదే పడుతుంది. 1080p అయితే లాగుతుంది. 4కె అయితే శబ్దం ముందుకు పోతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది. ఇంటెల్‌లో 2015 నాటి ఆరో తరం ప్రాసెసర్లతో ఈ ప్రత్యేక భాగం వచ్చింది. పది బిట్ల వీడియోకు ఏడో తరం కావాలి. అంతకంటే పాత ల్యాప్‌టాప్ అయితే మార్పిడే దారి.

మార్చే ముందు లోపల ఏముందో చూడాలి. వీఎల్‌సీలో వీడియో తెరిచి Ctrl+J నొక్కితే ఒక చిన్న కిటికీ వస్తుంది. అందులో Codec అన్న వరుసలో HEVC అనో H264 అనో రాసి ఉంటుంది. కిందికి వస్తే కొలతలు, ఫ్రేముల వేగం, రంగుల వివరం కనిపిస్తాయి. రంగుల వరుసలో BT.2020 అని ఉంటే ఆ వీడియో హెచ్‌డీఆర్‌లో తీసినదని గుర్తు పెట్టుకోండి, దాని సంగతి కాసేపట్లో వస్తుంది. ఈ అరనిమిషం పని చేయకుండా మార్పిడి మొదలుపెట్టేవారు గంటలు పోగొట్టుకుంటారు. ఎందుకంటే లోపల ఉన్నదాన్ని బట్టి చేయాల్సిన పని పూర్తిగా వేరు.

లోపల H264 అని ఉందనుకోండి. అంటే బొమ్మ టీవీకి తెలిసిన పద్ధతిలోనే ఉంది, పైనున్న మూవ్ కట్టను మాత్రమే టీవీ గుర్తుపట్టడం లేదు. అప్పుడు వీడియోను మళ్లీ కుదించకూడదు. కట్ట మార్చితే చాలు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టుతో ఇది ఒక వరుసలో అయిపోతుంది:

```
ffmpeg -i IMG_2210.MOV -map 0:v:0 -map 0:a:0 -c copy -movflags +faststart gruham.mp4
```

ఇందులో `-c copy` అన్నదే ప్రాణం. ఉన్నదాన్ని ఉన్నట్టే కొత్త ఫైలులోకి దించమని దాని అర్థం. పది నిమిషాల వీడియో కూడా కొద్ది సెకన్లలో తయారవుతుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన వీడియోలో బొమ్మ నిజానికి అడ్డంగానే నమోదై, తిప్పి చూపించమన్న సూచన మాత్రం పక్కన ఉంటుంది. ఆ సూచనను పట్టించుకోని పాత టీవీలు మనుషుల్ని పడుకోబెట్టి చూపిస్తాయి. కట్ట మార్చినంత మాత్రాన అది సరికాదు. అలాంటి వీడియోను తిరిగి కుదించి తీరాల్సిందే.

ఇక ఎక్కువమందికి ఎదురయ్యే అసలు సందర్భం. డాలస్ నుంచి వచ్చిన మేనల్లుడు రాజమండ్రిలో గృహప్రవేశాన్ని ఐఫోన్ 13తో తీశాడనుకుందాం. పన్నెండు నిమిషాల వీడియో, 4కె, సెకనుకు 30 ఫ్రేములు, హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంది. ఫైలు పేరు IMG_4127.MOV, బరువు 2 జీబీ పైచిలుకు. అమ్మమ్మ గారింట్లో ఉన్నది 2013 ప్రాంతంలో కొన్న ఫుల్ హెచ్‌డీ టీవీ. మేనల్లుడు వెళ్లిపోయేలోగా ఆవిడ ఆ టీవీలో పాలు పొంగించిన ఘట్టం చూడాలి.

మొదటి చిక్కు ఫోన్‌లోంచి కంప్యూటర్‌కు ఫైలు తీసుకునే దగ్గరే వస్తుంది. కేబుల్ పెట్టి, ఫోన్ మీద Trust నొక్కి, DCIM ఫోల్డర్లోంచి కాపీ చేస్తుంటే మధ్యలో "A device attached to the system is not functioning" అని ఆగిపోతుంది. కేబుల్ మారుస్తారు, పోర్టు మారుస్తారు, మళ్లీ అదే మాట. చాలాసార్లు కారణం ఫోన్ సెట్టింగ్‌లో ఉంటుంది. Settings లో Photos తెరిచి అడుగుకు వెళ్తే Transfer to Mac or PC అని ఉంటుంది (కొత్త ఐఓఎస్‌లో Photos అన్నది Apps కింద ఉంటుంది). అక్కడ Automatic ఉంటే ఫోన్ కాపీ చేస్తూనే పాత పద్ధతిలోకి మార్చి ఇవ్వాలని చూస్తుంది. చిన్న వీడియోలకు అది బాగానే పనిచేస్తుంది. ఏ పనిముట్టూ లేకుండా అయిపోయే మార్పిడి కాబట్టి ముందు దాన్నే ప్రయత్నించడం తెలివైన పని. పెద్ద వీడియోల దగ్గర మాత్రం ఇలా తడబడుతుంది. అప్పుడు Keep Originals ఎంచుకుని, కేబుల్ తీసి మళ్లీ పెడితే ఫైలు ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి వస్తుంది. మార్పిడి అక్కడ చేసుకోవచ్చు.

దానికి హ్యాండ్‌బ్రేక్ మంచి పనిముట్టు. ఉచితం, ప్రకటనలు ఉండవు, వీడియో మీద తన ముద్ర వేయదు. ఇంటర్నెట్‌లో దొరికే "ఉచిత కన్వర్టర్లు" చాలావాటిలో ఈ మూడింటిలో ఏదో ఒక పీడ ఉంటుంది. ఇంటి వేడుకల వీడియోను ఎవరిదో తెలియని సర్వర్‌కు ఎక్కించి మార్పించుకోవడాన్ని నేను అసలే ఒప్పుకోను, రెండు జీబీలు ఎక్కించి దించుకోవడానికి పట్టే సమయం సంగతి అటుంచినా సరే. హ్యాండ్‌బ్రేక్ కొత్త వెర్షన్లకు విండోస్ 10 గానీ 11 గానీ కావాలి. ఇంట్లో ఉన్నది విండోస్ 7 అయితే, మార్పిడి మరొకరి కంప్యూటర్‌లో చేసి తయారైన ఫైలును తెచ్చుకోవడమే సులువు.

హ్యాండ్‌బ్రేక్ తెరిచి IMG_4127.MOV ను దాని మీదికి లాగి వదిలితే వివరాలు చదువుకుంటుంది. Preset దగ్గర Fast 1080p30 ఎంచుకోవాలి. అది 4కె బొమ్మను టీవీ తెరకు సరిపడే 1920×1080కి తగ్గిస్తుంది, హెచ్.264లో కుదిస్తుంది, శబ్దాన్ని ఏఏసీలో ఉంచుతుంది, ఎంపీ4గా దాస్తుంది, నిలువు వీడియో అయితే బొమ్మనే నిజంగా నిలబెడుతుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద 4కె పంపినా కంటికి పెద్ద తేడా తెలియదు, పైగా ఆ టీవీ చిప్పు 4కెను మోయలేదు. సెకనుకు 60 ఫ్రేములతో కూడా పాత టీవీలు ఇబ్బంది పడతాయి, 30 అన్నది క్షేమమైన అంకె.

ఇక్కడ చేత్తో మార్చాల్సినవి రెండున్నాయి. ఒకటి Video ట్యాబ్‌లో Constant Framerate. ఐఫోన్ ఫ్రేముల వేగాన్ని అన్నివేళలా ఒకేలా ఉంచదు. వెలుతురు తగ్గినప్పుడు, ఫోన్ వేడెక్కినప్పుడు కొంచెం అటూ ఇటూ చేస్తుంది. కొత్త ప్లేయర్లు సర్దుకుంటాయి. కొన్ని పాత టీవీలు సర్దుకోలేవు, మొదట బాగానే ఉన్నట్టుండి పది నిమిషాలయ్యేసరికి పంతులు గారి పెదవులు ఒక చోట, మంత్రం ఒక చోట అవుతాయి. వేగాన్ని స్థిరం చేస్తే ఆ బాధ తప్పుతుంది.

రెండోది హెచ్‌డీఆర్. ఐఫోన్ 12 నుంచి వచ్చిన ఫోన్లు డాల్బీ విజన్ హెచ్‌డీఆర్‌లో తీయగలవు. అందులో రంగుకు ఎనిమిది బిట్ల బదులు పది బిట్లు ఉంటాయి, వెలుతురు లెక్క కూడా మామూలు టీవీలది కాదు. ఆ లెక్కను మామూలు తెరకు తగ్గట్టు దించకుండా కుదిస్తే వీడియో ఆడుతుంది గానీ బొమ్మ పాలిపోతుంది. పసుపు రాసిన గడప బూడిదరంగుకు దగ్గరవుతుంది, పట్టుచీర ఎరుపు వెలిసినట్టుంటుంది. చూసినవారు ఫోన్ కెమెరా బాగాలేదనుకుంటారు. Filters ట్యాబ్‌లో Colourspace దగ్గర BT.709 ఎంచుకుంటే హ్యాండ్‌బ్రేక్ ఆ వెలుతురును మామూలు టీవీ స్థాయికి దించి రాస్తుంది. ఇందాక వీఎల్‌సీలో BT.2020 కనిపించిన వీడియోలకే ఇది అవసరం. మిగతావాటిని కదిలించకండి. ఇలా దించినా ఫోన్ తెర మీద కనిపించిన మెరుపు మొత్తం రాదు, దీపం చుట్టూ కాంతిలో కొంత వదులుకోవాలి. చర్మం రంగూ బట్టల రంగూ మాత్రం సహజంగా ఉంటాయి.

నాణ్యతను నిర్ణయించేది RF అన్న అంకె. అంకె తగ్గితే నాణ్యత, ఫైలు బరువు రెండూ పెరుగుతాయి. ముందుగా ఉండే 22 చాలామందికి సరిపోతుంది. ఇంటి వేడుకలకు 20 పెట్టమంటాను, పూలు, అక్షింతలు, జనం కదలికలు ఎక్కువగా ఉన్న చోట్ల బొమ్మ గళ్లుగళ్లుగా విరగకుండా ఉంటుంది. పన్నెండు నిమిషాలకు సుమారు 500 నుంచి 800 ఎంబీ అవుతుంది. కచ్చితంగా ఇంతే అని ముందుగా చెప్పలేం, ఎందుకంటే బొమ్మలో ఎంత కదలిక ఉందన్న దాన్ని బట్టి అది మారుతుంది.

అంతా సిద్ధమయ్యాక వెంటనే మొత్తం వీడియోను మార్చడం మొదలుపెట్టకండి. పాత ల్యాప్‌టాప్‌లో పన్నెండు నిమిషాల 4కె వీడియోకు గంట దాకా పట్టొచ్చు. పైన Range దగ్గర Chapters ను Seconds గా మార్చి, 0 నుంచి 30 అని పెట్టి, ముక్క మాత్రమే తయారుచేయండి. చివర పేరు .mp4 అని ఉందో లేదో చూడండి. ఒక్కోసారి .m4v అని వస్తుంది, కొన్ని టీవీలు దాన్ని జాబితాలోనే చూపించవు. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నదిగా పెట్టండి. ఆ ముక్కను పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో ఆడించి చూడండి. బొమ్మ, రంగు, శబ్దం మూడూ సరిగ్గా ఉంటే Range మళ్లీ మొత్తానికి మార్చి Start Encode నొక్కి మీ పని మీరు చూసుకోవచ్చు. వీడియోలు చాలా ఉంటే ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి తెరిచి వరుసలో పెట్టి, రాత్రంతా నడవనివ్వవచ్చు.

ముక్క ఆడకపోతే టీవీ ఏమంటోందో చదవాలి. బొమ్మ వచ్చి, ఆడియోకు మద్దతు లేదంటే సమస్య శబ్దంలో ఉంది. ఐఫోన్ 16 శ్రేణి ఫోన్లలో స్పేషియల్ ఆడియో ఆన్‌లో ఉంటే ఒకే ఫైలులో రెండు శబ్దపు జాడలు ఉంటాయి. ఒకటి మామూలు స్టీరియో ఏఏసీ, రెండోది ఆపిల్ సొంత పద్ధతి. రెండోదాన్ని మిగతా ప్రపంచంలో చదవగలిగినవి తక్కువ. హ్యాండ్‌బ్రేక్ Audio ట్యాబ్‌లో స్టీరియో జాడను ఉంచి, రెండోది కనిపిస్తే తీసేయాలి. ముందు చెప్పిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ వరుసలో `-map 0:a:0` పెట్టింది కూడా మొదటి జాడనే తీసుకోమని చెప్పడానికే. ఫైలు పేరే టీవీలో కనిపించకపోతే మాత్రం వీడియోను అనుమానించకండి, పెన్‌డ్రైవ్‌ను అనుమానించండి. పాత టీవీలు చాలావరకు FAT32 లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, exFAT అంటే వాటికి తెలియదు. FAT32 లోనేమో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఐఫోన్ 4కె అసలు ఫైలు అయితే ఇరవై నిమిషాలు దాటేసరికి ఆ గీత దాటేస్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఎంత చోటున్నా కాపీ కాదు. 1080pకి మార్చిన ఫైలుకు ఆ ఇబ్బంది గంట దాకా సాధారణంగా రాదు.

మార్చిన ఫైలు చేతికొచ్చింది కదా అని అసలు మూవ్ ఫైలును చెరిపేయకండి. మార్పిడిలో 4కె వివరం, హెచ్‌డీఆర్ వెలుతురు పోయాయి, అవి తిరిగి రావు. ఎప్పుడు, ఎక్కడ తీశారన్న సమాచారం కూడా కొత్త ఫైలులో ఉండకపోవచ్చు. ఆ ఇంట్లో ఇంకో టీవీ వచ్చిన రోజున అసలు ఫైలే నేరుగా ఆడుతుంది. అసలును ఒక హార్డ్ డిస్క్‌లో ఉంచి, టీవీకి చేసిన ప్రతిని పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవడం ఉత్తమం.

తీసేది పాత టీవీ కోసమేనని ముందే తెలిస్తే ఈ శ్రమలో చాలాభాగం ఫోన్‌లోనే తప్పించుకోవచ్చు. Settings లో Camera, అందులో Formats తెరిచి High Efficiency బదులు Most Compatible ఎంచుకోవాలి. అప్పుడు వీడియో హెచ్.264లో తీస్తుంది. పేరు చివర .MOV అలాగే ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. ఆ పక్కనే Record Video లో 1080p, 30 ఫ్రేములు పెట్టి, HDR Video ఆపేయాలి. 4కెలో 60 ఫ్రేములు, 1080pలో 240 ఫ్రేముల స్లోమోషన్ ఈ పద్ధతిలో తీయలేరు, వాటికి High Efficiency ఉండి తీరాలి. ఫోన్‌లో చోటు రెట్టింపు పడుతుంది కాబట్టి వేడుక పొద్దున్నే నిమిషానికి 130 ఎంబీ చొప్పున లెక్క వేసుకోండి. గంటకు దాదాపు 8 జీబీ ఖాళీ ఉండాలి. వేడుక అయ్యాక మళ్లీ High Efficiency కి మార్చుకోవచ్చు, ముందు తీసిన వీడియోలకు దానివల్ల ఏమీ కాదు.